పెట్టె మీ చేతికొచ్చిన రోజు ఏం మాట్లాడాలి?

"అమ్మా, మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా పొదుపు గ్రూపులో 12 మందిమి. ఎనిమిదేళ్లుగా ప్రెసిడెంటుగా ఉన్న మా వదిన ఇక నావల్ల కాదంది. పోయిన మీటింగులో అందరూ నా పేరు చెప్పేశారు. ఇంకో అప్ప తనే అవుదామనుకుందట, మొహం మాడ్చుకుని కూర్చుంది. వచ్చే మీటింగుకి గ్రూపుల పనులు చూసే సీఆర్పీ వస్తుంది, తీర్మానం రాస్తారు, నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. గ్రూపులో సగంమంది ఒడియా వాళ్లు. నాకు ఒడియా అర్థమవుతుంది గానీ మాట్లాడటం అంతంతమాత్రం. ఫోన్లో చూసి ఒక కాగితం రాసుకున్నాను, మీకూ పంపుతున్నాను. అది చదివి మా పాప పకపకా నవ్వింది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి?"
— ఒక సోదరి, గజపతి జిల్లా

చెల్లెమ్మా,

మీ కాగితం చదివాను. "ఈ మహత్తర బాధ్యతను నా భుజస్కంధాలపై మోపిన సభ్యులందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు" అన్న చోట నేనూ నవ్వాను. పాప తప్పేం లేదు. మీ గ్రూపులో ఎవరైనా ఇంకొకరితో అలా మాట్లాడగా మీరు ఎప్పుడైనా విన్నారా? మీరున్నది పర్లాకిమిడి పక్కన. వాడుక భాషలోనే రాయాలి, చదవాలి అని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఆ ఊళ్లో ఉంటూనే. ఆ ఊరి పక్కన కూర్చుని భుజస్కంధాలు ఎందుకు మనకి?

ఎంతసేపు అన్నదానికి నా జవాబు మూడు నిమిషాలు. ఏం చెప్పాలన్నది మాత్రం కాగితం మీద తేలదు, మీటింగుకి ముందు మీరు చేసే ఒక పని మీద ఆధారపడి ఉంటుంది. ఆ పని చెయ్యకుండా మాట్లాడి నేను దెబ్బతిన్నాను కాబట్టి ముందు అది చెబుతాను.

పదేళ్ల కిందట గుణుపురం వైపు మా గ్రూపుకి నన్ను ప్రెసిడెంటుని చేశారు. లేచి నిలబడ్డాను. నాకన్నా ముందు చేసిన పిన్నిని పొగుడుదామని నోటికొచ్చినట్టు "ఇన్నేళ్లలో రూపాయి తేడా రాలేదు, అన్నీ లెక్కగా అప్పజెప్పింది" అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, పిన్ని కళ్లు తుడుచుకుంది. మూడో మీటింగులో ఒకావిడ తన చిన్న పాస్‌బుక్ తీసి చూపించింది. అందులో 500 చొప్పున మూడు వాయిదాలు కట్టినట్టు సంతకాలున్నాయి. మా అప్పుల పుస్తకంలో ఆ మూడూ లేవు. పిన్నిని అడిగితే, "అందరి ముందూ రూపాయి తేడా లేదన్నది నువ్వే కదే" అంది. నా నోరు పడిపోయింది. ఆవిడేమీ తినెయ్యలేదని తర్వాత తేలింది. వాయిదా డబ్బు చేతికి రాగానే, గ్రూపు డబ్బుల పెట్టెలోకి కూడా వెయ్యకుండా, అక్కడే కూర్చున్న ఇంకొకామెకి అప్పుగా ఇచ్చేసింది. రెండూ రాయడం మరిచిపోయింది. అది తేలడానికి నాలుగు మీటింగులు పట్టింది. ఈలోగా ఇద్దరు గ్రూపు మానేస్తామన్నారు.

అందుకే మీటింగుకి రెండు మూడు రోజుల ముందు మీ వదిన ఇంటికి వెళ్లండి. ఒంటరిగా వద్దు, సెక్రటరీని, క్యాషియర్‌ని వెంట తీసుకెళ్లండి. లెక్క అడగడానికి వచ్చాం అనకండి, "వదినా, ఏ పుస్తకం ఏంటో నాకు చూపించు" అనండి. మినిట్స్ పుస్తకం, హాజరు పుస్తకం, క్యాష్ బుక్, అప్పుల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, చెక్ బుక్, గ్రూపు స్టాంపు, పెట్టె, తాళం అన్నీ ఒక చాప మీద పరచండి. చెక్ బుక్‌లో ముందే సంతకం పెట్టి ఉంచిన ఖాళీ చెక్కు ఏదైనా ఉందేమో కూడా చూడండి. బ్యాంకుకి రోజూ తిరగలేక చాలామంది అలా పెట్టి ఉంచుతారు. ఉంటే అక్కడికక్కడే అడ్డంగా గీత కొట్టి, ఫలానా నంబరు చెక్కు రద్దు చేశామని మినిట్స్‌లో రాయించండి.

ఇక అసలు లెక్క. గ్రూపులోకి డబ్బు వచ్చే దారులు కొన్నే. ఆ డబ్బు ఇప్పుడు ఉండే చోట్లు మూడే: బ్యాంకు, పెట్టె, సభ్యుల దగ్గర అప్పు. వచ్చిందంతా ఈ మూడు చోట్లా కలిపి కనబడాలి. మీ లెక్కలు నాకు తెలియవు కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. 12 మంది, నెలకు 100 రూపాయల పొదుపు, ఎనిమిదేళ్లు అంటే 96 నెలలు. పొదుపు 1,15,200 అవుతుంది. గవర్నమెంటు ఇచ్చే రివాల్వింగ్ ఫండ్ 15,000 వచ్చిందనుకోండి. సభ్యులు కట్టిన వడ్డీలు, జరిమానాలు, బ్యాంకు వేసిన వడ్డీ కలిపి, ఖర్చులు పోగా 24,300 మిగిలిందనుకోండి. మొత్తం 1,54,500. ఇప్పుడు రెండో వైపు చూడండి. పాస్‌బుక్‌లో 31,260, పెట్టెలో లెక్కపెడితే 1,840, సభ్యుల దగ్గర అసలు బాకీ 1,21,400. కలిపితే అదే 1,54,500. లెక్క కుదిరింది. బ్యాంకు లోను ఇంకా తీరకుండా ఉంటే, ఆ బాకీని మొదటి వైపు కలుపుకోవాలి. చాలామంది అది కలపడం మరిచిపోయి, డబ్బు ఎక్కువ కనబడుతోందని కంగారుపడతారు.

కుదరకపోతే? వెంటనే మనిషిని అనుమానించకండి. బ్యాంకు పాస్‌బుక్ ప్రింట్ వేయించి ఎన్నాళ్లయిందో చూడండి. ఎస్సెమ్మెస్‌లకని, చెక్ బుక్‌కని బ్యాంకు కోసుకున్న చిన్న చిన్న మొత్తాలు, బ్యాంకు వేసిన వడ్డీ మన పుస్తకంలోకి ఎక్కి ఉండవు. ఆ తర్వాత అసలు, వడ్డీ కలిపి ఒకే గడిలో రాసేసిన చోట్లు వెతకండి. 600 కడితే 500 అసలు, 100 వడ్డీ. మొత్తం 600 అసలులో వేసేస్తే ఆవిడ బాకీ పుస్తకంలో ఉండాల్సిన దానికన్నా తక్కువ కనబడుతుంది. అక్కడా దొరక్కపోతే 12 మంది చిన్న పాస్‌బుక్‌లు తెప్పించి, ఒక్కొక్కరి బాకీని అప్పుల పుస్తకంతో పోల్చండి. మాకు దొరికింది అక్కడే. ఈ పనికి ఒక పూట సరిపోతుంది, కాస్త టీ పెట్టుకుంటే చాలు.

లెక్క కుదిరితే మీ మాటల్లో ఆ అంకెలు చెప్పండి. కుదరకపోతే "లెక్కలు చూస్తున్నాం, వచ్చే మీటింగులో చదివి వినిపిస్తాం" అని ఒక్క ముక్క చెప్పి ఆగండి. తేడా ఎంతో, ఎవరి వల్లో ఆ రోజు నోరెత్తకండి. "రూపాయి తేడా లేదు" అని మాత్రం ఏ పరిస్థితిలోనూ అనకండి, లెక్క కుదిరినా సరే. మీరు చూసింది ఒక్క పూట, ఆవిడ రాసింది ఎనిమిదేళ్లు.

అంటే వదినని పొగడొద్దనా? పొగడండి, బాగా పొగడండి. కాకపోతే లెక్కలకి సర్టిఫికెట్ ఇవ్వకుండా, ఆవిడ చేసిన ఒక పనిని అందరికీ గుర్తుచెయ్యండి. "ఎంతో సేవ చేసింది" అంటే ఎవరి కంటికీ ఏమీ కనబడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాని ఊడ్చేసినప్పుడు పుస్తకాలు తడవకుండా దాచింది ఆవిడే అయితే, ఆ మాట చెప్పండి. ఎవరి కాన్పుకో అర్ధరాత్రి పెట్టె తెరిచిందా, అది చెప్పండి. విన్నవాళ్లు "అవునవును" అనాలి. అలాంటిది ఒక్కటి చాలు, మూడు చెబితే పలుచనైపోతుంది.

ఆవిడ మనసు నొచ్చుకోకుండా మాట్లాడాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తీర్మానం రాసినంత మాత్రాన బ్యాంకులో మీ సంతకం చెల్లదు. ముగ్గురు ఆఫీస్ బేరర్లలో ఇద్దరి సంతకాలతో డబ్బు తీసే గ్రూపులే మన వైపు ఎక్కువ. మీ తీర్మానం కాపీ, మీ ఆధార్, పాన్, ఫోటోలు బ్యాంకులో ఇచ్చి, వాళ్లు సంతకం మార్చేదాకా పాత సంతకమే నడుస్తుంది. ఆ మధ్యలో డబ్బు తియ్యాలంటే ఆవిడనే బతిమాలుకోవాలి. కొన్ని బ్రాంచిల్లో పాత ప్రెసిడెంటు కూడా ఒకసారి రావాలంటారు. మీటింగులో చిన్నబుచ్చిన మనిషి మర్నాడు మీతో బ్యాంకుకి బస్సెక్కుతుందా?

మొహం మాడ్చుకున్న అప్ప సంగతి. ఆవిడ పేరు ఎత్తకుండా దాటేస్తే అందరూ గమనిస్తారు, అందరికన్నా ముందు ఆవిడ గమనిస్తుంది. అలాగని "తను కూడా ఎంతో అర్హురాలు" అంటే పుండు మీద కారం చల్లినట్టే. మీటింగుకి ముందు ఇంటికెళ్లి ఏదైనా పని అడగండి. చాలా గ్రూపుల్లో పెట్టె ఒకరి దగ్గర, తాళం ఇంకొకరి దగ్గర ఉంటాయి. తాళం ఆవిడ దగ్గర ఉంచుకుంటుందేమో అడిగి చూడండి. ఒప్పుకుంటే ఆ మాట మీటింగులో మీరే చెప్పి, అందరి ఒప్పుదల తీసుకుని మినిట్స్‌లో రాయించండి. ఒప్పుకోకపోతే మామూలుగా మిగతావాళ్లతో పాటు పేరు చెప్పి ఊరుకోండి, ఎక్కువ బతిమాలొద్దు. మరో మూడు నెలలకి ఆవిడే వస్తుంది.

లోన్లు ఇప్పిస్తానని, గవర్నమెంటు డబ్బు తెప్పిస్తానని మాత్రం ఏ మాటా ఇవ్వకండి. అప్పు ఎవరికి, ఎంత, ఎన్ని వాయిదాలకి అన్నది గ్రూపంతా కూర్చుని తేల్చేది, ప్రెసిడెంటు చేతిలో లేనిది. అలా మాటిస్తే మర్నాడు పొద్దున్నే మీ గుమ్మం ముందు నలుగురు ఉంటారు. ఇవ్వాలనుకుంటే మీ చేతిలో ఉన్నది ఇవ్వండి. ప్రతి మీటింగు ముగిసే ముందు బ్యాంకులో ఎంత, పెట్టెలో ఎంత, ఎవరి దగ్గర ఎంత అన్నది గట్టిగా చదివిస్తానని చెప్పండి. పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చు: మీటింగు, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు. అయిదోది నోటితో చెప్పినంత తేలిగ్గా జరగదు. పుస్తకం రాసేవాళ్లు ఒకరు, వినేవాళ్లు లేరు. మీరు వినిపిస్తే చాలు.

ఎప్పుడు లేవాలన్నదానికి కూడా నాకో అభిప్రాయం ఉంది. హాజరు, పొదుపు, వాయిదాలు అయిపోయి, తీర్మానం చదివి సంతకాలు పడ్డాక, కొత్త అప్పుల మాట మొదలవకముందు. తీర్మానం మీద సంతకాలు పడకముందు మీరింకా ప్రెసిడెంటు కారు. అప్పుల మాట అయిపోయాక లేస్తే, అప్పు దొరకని ఇద్దరు చీర కొంగు సర్దుకుని లేచిపోతూ ఉంటారు.

ఆ తీర్మానం ఒడియాలో రాస్తారు కదా. సీఆర్పీ రాసింది రాసినట్టు సంతకాలు పెట్టించేస్తుంది, తెలుగువాళ్లం తలూపేస్తాం. అలా వద్దు. సంతకాలకి ముందు ఒడియాలో ఒకసారి చదివించి, తెలుగులో అర్థం చెప్పించండి. తీర్మానంలో పాత ప్రెసిడెంటు, కొత్త ప్రెసిడెంటు పేర్లు, ఏ తేదీ నుంచి, బ్యాంకులో ఎవరి సంతకం పోయి ఎవరిది రావాలి, ఆ రోజుకి పాస్‌బుక్‌లో, పెట్టెలో, సభ్యుల దగ్గర ఎంతెంత ఉన్నాయి అన్నవి ఉన్నాయో లేదో చెవిపెట్టి వినండి. అప్పజెప్పిన పుస్తకాల పేర్లు కూడా ఉంటే మంచిది. కింద మీ వదిన, మీరు ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఇక మాట్లాడే భాష. ఒడియాలో రెండు వాక్యాలు నేర్చుకోండి, మిగతాది తెలుగులోనే చెప్పండి. ఒడియా బాగా వచ్చిన సభ్యురాలిని పక్కన నిలబెట్టుకుని, రెండు మూడు మాటలకోసారి ఆగి ఆవిడని చెప్పనివ్వండి. మొత్తం ఒడియాలో చెప్పాలని పోతే మీ ధ్యాసంతా మాటల మీదే ఉంటుంది, అంకె తప్పు చెప్పేస్తారు. పిలుపుల దగ్గర మనకి ఇబ్బందే లేదు. వాళ్లు అక్కని అపా అంటారు, మనం అప్ప అంటాం. ఒక్క పిలుపుకే రెండు వైపులా తలెత్తి చూస్తారు.

నేనైతే ఇలా మాట్లాడతాను. మొదటి రెండు ముక్కలూ ఒడియా: అందరికీ నమస్కారం, నా ఒడియాలో తప్పులుంటే క్షమించండి అని. తిత్లీ సంగతి, అంకెలు, పాస్‌బుక్‌ల సంగతి నేను ఊహించి పెట్టినవే, మీవి మీరు వేసుకోండి.

"సమస్తంకు నమస్కార. మోర ఒడియారె భుల థిలె క్షమా కరిబె. ఇక తెలుగులో చెబుతాను, అపా ఒడియాలో చెబుతుంది.

వదినా, ముందు నీకు చెప్పాలి. తిత్లీ వచ్చిన రాత్రి మీ ఇంటి రేకులు లేచిపోతుంటే నువ్వు మన పుస్తకాలు బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించావు. మీ బియ్యం తడిసిపోయాయి, మన పుస్తకాలు తడవలేదు. ఆ పుస్తకాలే ఇవాళ నా చేతిలో ఉన్నాయి. ఎనిమిదేళ్లు మోశావు. ఇంకో రెండు నెలలు బ్యాంకుకి నాతో రావాలి, నన్ను వదిలెయ్యకు.

మీ అందరికీ కూడా చెప్పాలి. మొన్న లెక్క చూద్దామని పాస్‌బుక్‌లు తెమ్మంటే పొలం పని మధ్యలో ఆపుకుని అందరూ తెచ్చారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. దానికి చాలా సంతోషం.

నన్ను మీరు పెట్టారు, నేను అవుతానన్నాను. ప్రెసిడెంటుని అయినంత మాత్రాన డబ్బు నాది కాదు, అప్పు ఇవ్వడం నా ఒక్కదాని మాట కాదు. ఇవాళ్టికి బ్యాంకులో 31,260, పెట్టెలో 1,840, మన దగ్గర అప్పులు 1,21,400. ప్రతి మీటింగులో లేచే ముందు ఈ మూడూ చదివిస్తాను. నేను మరిచిపోతే ఎవరైనా సరే గట్టిగా అడగండి, నాకు కోపం రాదు. పెట్టె క్యాషియర్ దగ్గర ఉంటుంది. తాళం మన అప్ప దగ్గర ఉంటే బాగుంటుందని నేను అడిగాను, తను సరేనంది. మీకూ సరేనా?"

సరేనా అని అడిగి ఆగండి. వాళ్లు సరే అనేదాకా నిలబడి ఉండండి, అది మినిట్స్‌లోకి ఎక్కాల్సిన మాట. ఎక్కించాక కూర్చోండి.

మీ కాగితంలో ఎనిమిదో లైనులో మీ ఆయనకి కృతజ్ఞతలు రాశారు. మీటింగులో అది తీసెయ్యండి, ఇంట్లో చెప్పుకోండి. ఆయన మంచివాడే అయి ఉంటాడు, కానీ గ్రూపు మీటింగులో మొగుడి పేరు రాగానే మర్నాటి నుంచి పాస్‌బుక్ కోసం ఆయన్ని అడగడం మొదలుపెడతారు. మా వైపు అలా జరిగిన గ్రూపులు నాకు తెలుసు.

చేతులు వణుకుతాయని భయంగా ఉంటే కాగితం పట్టుకోకండి, మినిట్స్ పుస్తకం తెరిచి పట్టుకోండి. బరువుగా ఉంటుంది, వణుకు కనబడదు. అంకెలెలాగూ అందులోనే ఉంటాయి. మాట తడబడితే ఆగి, పుస్తకంలోకి చూసి, మళ్లీ మొదలుపెట్టండి. లెక్క చూస్తోందనుకుంటారు.

ముందు రోజు రాత్రి ఇదంతా మీ పాపకి చెప్పి చూడండి. ఏ మాటకి నవ్వితే ఆ మాట కొట్టేయండి.